నాలుగు నెలలుగా అప్‌డేట్ లేని ఎర్లీ యాక్సెస్ గేమ్ కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, అంతరిక్షంలో కాలనీ కట్టుకునే గేమ్ ఒకటి స్టీమ్ అనే గేమ్‌ల స్టోర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మే దశలో ఉంది. సేల్‌లో పదకొండు వందలకి వస్తోంది, ఇంకో మూడు రోజులే టైముంది. రివ్యూలు ‘వెరీ పాజిటివ్’ అని చూపిస్తోంది. ముందు ముందు ఏమేం చేరుస్తారో చెప్పే రోడ్‌మ్యాప్‌లో మల్టీప్లేయర్ ఉంది, నేనూ మా బావా కలిసి ఆడదామని ఆశ. మా రూమ్మేటేమో అప్‌డేట్ వచ్చి నాలుగు నెలలైంది, అది చచ్చిన గేమ్ అంటున్నాడు. పూర్తి వెర్షన్, అంటే 1.0 వచ్చాక రేటు పెంచుతామని డెవలపర్లు రాశారు. ఇప్పుడే కొనెయ్యాలా, ఆగాలా?
— బీటెక్ విద్యార్థి, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, మీ బావతో కలిసి ఆడటం కోసమే అయితే ఇప్పుడు కొనకు. మల్టీప్లేయర్ వచ్చిన రోజు కొను. అది రాకపోయినా ఫర్వాలేదు, ఇవాళ ఎలా ఉందో అలాగే ఆగిపోయినా ఒక్కడినే ఆడుకుంటాను, పదకొండు వందలు వృథా అనిపించదు అనుకుంటే అప్పుడు మిగతా లెక్కలు చూసుకో. నువ్వు గేమ్ పేరు రాయలేదు కాబట్టి దాని సంగతి నేరుగా చెప్పలేను. కానీ ఎక్కడ చూడాలో, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్తాను. నీకు మూడు రోజులుంది, ఈ పనికి ఒక సాయంత్రం చాలు.

ముందుగా స్టోర్ పేజీలో ‘Early Access Game’ అని ఉండే పెట్టె పూర్తిగా చదువు. చాలామంది దాన్ని దాటేసి ట్రైలర్ దగ్గరికి వెళ్ళిపోతారు. ఈ గేమ్ ఇప్పుడున్న స్థితిలో నీకు నచ్చకపోతే ఆగి చూడమని, ఇది ముందుకి మారొచ్చు, మారకపోనూవచ్చని స్టీమ్ అక్కడే రాసి పెడుతుంది. దాని కింద డెవలపర్ జవాబులుంటాయి: ఎర్లీ యాక్సెస్‌లో ఎంతకాలం ఉంటుంది, పూర్తి గేమ్‌లో కొత్తగా ఏముంటుంది, ప్రస్తుతం ఏ స్థితిలో ఉంది, ధర మారుతుందా. ఇందులో ‘ప్రస్తుత స్థితి’ జవాబే నీకు ముఖ్యం. నువ్వు డబ్బిచ్చి కొంటున్నది దాన్నే. ‘ఎంతకాలం’ అన్నదానికి ‘సుమారు ఒక సంవత్సరం’ అని రాసి, గేమ్ వచ్చి మూడేళ్ళయి ఉంటే, ఆ జవాబుని ఎవరూ సరిదిద్దలేదంటే, పేజీని పట్టించుకునే మనిషి అక్కడ లేడేమో అని అనుమానించాలి. 2025 ఫిబ్రవరి నుంచి స్టీమ్ ఇంకో మాట కూడా చేర్చింది. డెవలపర్ ఏడాదికి పైగా అప్‌డేట్ ఇవ్వకపోతే, చివరి అప్‌డేట్ వచ్చి ఇన్ని నెలలైంది, ఇక్కడ రాసిన వివరాలు ఇప్పటికి సరిపోకపోవచ్చు అని ఆ పెట్టెలోనే హెచ్చరిక కనిపిస్తుంది. మంచి పనే, కానీ అది ఏడాది దాటాకే వస్తుంది. నీ గేమ్‌కి నాలుగు నెలలే కాబట్టి ఆ హెచ్చరిక లేకపోవడాన్ని ధైర్యంగా తీసుకోకు.

ఇక అప్‌డేట్ల చరిత్ర. పేజీలో ‘View update history’ అని లింకు ఉంటుంది, అది నొక్కు. అక్కడ ఎన్ని పోస్టులున్నాయో లెక్కపెట్టడం వల్ల ఏమీ తెలియదు. సేల్ ప్రకటనలు, అభిమానుల స్క్రీన్‌షాట్ల పోటీలు, వేరే గేమ్ ప్రచారాలు కూడా న్యూస్‌లో వరుసగా పడుతుంటాయి. పైనుంచి చూస్తే ప్రతి వారం ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. అసలు అప్‌డేట్ అంటే నీ కంప్యూటర్‌లోకి కొత్త ఫైళ్ళు దిగాలి. ఒక కాగితం తీసుకుని, ప్రతి అసలు అప్‌డేట్‌కీ తేదీ రాసి, పక్కన అది మరమ్మతా లేక కొత్త సరుకా అని రాయి. కొత్త సరుకైతే రోడ్‌మ్యాప్‌లో ఏ మెట్టు పూర్తయిందో కూడా రాయి. అప్‌డేట్‌లో ఏం మారిందో రాసే ప్యాచ్ నోట్స్‌లో అన్ని లైన్లూ ‘Fixed’తో మొదలైతే అది మరమ్మతు. ‘Added’ అని ఉన్నా, కొత్త కుర్చీ, కొత్త రంగు పెయింటు అయితే నేను దాన్ని మరమ్మతు కిందే వేస్తాను. ఆడే తీరు మారితేనే కొత్త సరుకు.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక నిజమైన గేమ్ మీద చూపిస్తాను. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2. రాకెట్లు కట్టి అంతరిక్షంలోకి పంపే గేమ్, నీ గేమ్‌కి దగ్గరి చుట్టమే. మొదటి భాగం కూడా ఎర్లీ యాక్సెస్‌లోనే పెరిగి 2015లో 1.0 అయి గొప్ప పేరు తెచ్చుకుంది. అందుకని రెండో భాగం మీద అందరికీ నమ్మకం. 2019లో ప్రకటించినప్పుడు మరుసటి ఏడాదే పూర్తి గేమ్‌గా వస్తుందన్నారు. అది వాయిదాల మీద వాయిదాలు పడి, మధ్యలో స్టూడియో కూడా మారి, చివరికి 2023 ఫిబ్రవరి 24న ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది, 50 డాలర్లకి. రోడ్‌మ్యాప్‌లో ఐదు మెట్లు చూపించారు: సైన్స్, కాలనీలు, నక్షత్రాల మధ్య ప్రయాణం, ఎక్స్‌ప్లోరేషన్, చివర్న మల్టీప్లేయర్. ఒక్క మెట్టుకీ తేదీ వేయలేదు.

ఇప్పుడు కాగితం మీద రాద్దాం. 2023 మార్చిలో 0.1.1, ఏప్రిల్‌లో 0.1.2, జూన్‌లో 0.1.3, ఆగస్టులో 0.1.4, అక్టోబర్‌లో 0.1.5. అప్‌డేట్లకి కొదవేం లేదు, చూడ్డానికి చురుగ్గానే ఉంది. కానీ ఈ ఐదూ దాదాపుగా మరమ్మతులే. రాకెట్ గాల్లో నూడుల్స్‌లా ఊగిపోవడం, భాగాలు ఎక్కువైతే ఫ్రేమ్ రేటు పడిపోవడం, కక్ష్యలు వాటంతటవే మారిపోవడం, ఇలాంటివి సరిచేస్తూ వచ్చారు. రోడ్‌మ్యాప్‌లో మొదటి మెట్టయిన సైన్స్ 0.2.0గా డిసెంబర్‌లో వచ్చింది. అంటే ఒక్క మెట్టుకి పది నెలలు. మిగిలినవి నాలుగు, వాటిలో ప్రతిదీ సైన్స్ కన్నా పెద్ద పని. అదే వేగంతో వెళ్ళినా మల్టీప్లేయర్‌కి ఇంకో మూడేళ్ళు పైనే. ఈ లెక్క 2023 డిసెంబర్లోనే ఎవరైనా వేసుకోగలిగేది. లోపలి వార్తలేవీ అవసరం లేదు, తేదీలు, ప్యాచ్ నోట్స్ చాలు.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, 2024 ఏప్రిల్ చివర్లో మాతృసంస్థ టేక్-టూ సియాటెల్‌లో ఈ గేమ్ తయారుచేస్తున్న ఆఫీసు మూసేస్తోందని, 70 మంది ఉద్యోగాలు పోతున్నాయని వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వానికిచ్చిన నోటీసు ద్వారా బయటపడింది. జూన్‌లో 0.2.2 అని ఒక చిన్న అప్‌డేట్ వచ్చింది. ఆ తర్వాత కాలనీలు రాలేదు, మల్టీప్లేయర్ రాలేదు. ఆ వార్త వచ్చాక కూడా గేమ్ స్టోర్లో అమ్మకానికి అలాగే ఉంది. పేజీలో రోడ్‌మ్యాప్ కూడా అలాగే ఉంది. మల్టీప్లేయర్ కోసమని మొదటి రోజే కొన్నవాళ్ళ డబ్బు అక్కడే నిలిచిపోయింది. నీ ప్రశ్న చదవగానే నాకు ముందు వాళ్ళే గుర్తొచ్చారు, అందుకే మొదటి వాక్యంలోనే వద్దన్నాను.

ఇందులోనే రివ్యూల గురించి కూడా ఒక పాఠం ఉంది. వచ్చిన కొత్తలో రివ్యూలు దారుణంగా ఉన్నాయి. సైన్స్ అప్‌డేట్ వచ్చాక కొత్త రివ్యూలు బాగా మెరుగుపడ్డాయి. గేమ్ నిజంగానే బాగుపడింది కాబట్టి ఆ రివ్యూల్లో అబద్ధం లేదు. 2024 జనవరిలో ఎవరైనా ‘Recent Reviews’ చూసి, గాడిన పడింది అనుకుని కొని ఉంటే తప్పు పట్టలేం. నాలుగు నెలలు తిరక్కుండా ఆఫీసే పోయింది. ఆడినవాళ్ళు ఆ రోజు గేమ్ ఎలా ఉందో చెప్పగలరు. స్టూడియో డబ్బు సంగతి వాళ్ళకీ తెలియదు. కాబట్టి రివ్యూలని ‘గేమ్ ఇప్పుడెలా ఉంది’ అన్నదానికి సాక్ష్యంగా వాడు, ‘రేపు ఏమవుతుంది’ అన్నదానికి కాదు.

ఇప్పుడు మీ రూమ్మేట్ మాటకొద్దాం. నాలుగు నెలలు అప్‌డేట్ లేకపోతే చచ్చినట్టేనా? కాదు. మౌనంలో రెండు రకాలున్నాయి, వాటిని విడదీయాలి.

ప్రాజెక్ట్ జాంబాయిడ్ తీసుకో. 2013 నవంబర్‌లో స్టీమ్ ఎర్లీ యాక్సెస్‌కి వచ్చింది, పదేళ్ళు దాటినా అక్కడే ఉంది. మల్టీప్లేయర్‌తో కలిపి బిల్డ్ 41 అనే వెర్షన్ అందరికీ విడుదలైంది 2021 డిసెంబర్‌లో. దాని తర్వాతి పెద్దది, బిల్డ్ 42, అస్థిర వెర్షన్‌గా 2024 డిసెంబర్‌లో వచ్చింది. మధ్యలో మూడేళ్ళు. 2023 మధ్యలో పేజీ చూసినవాడు ‘ఏడాదిలో చెప్పుకోదగ్గది ఏమీ రాలేదు, చచ్చింది’ అనుకుంటే ఆశ్చర్యం లేదు. కానీ ఆ మూడేళ్ళూ డెవలపర్లు తమ బ్లాగులో ఏం చేస్తున్నారో రాస్తూనే ఉన్నారు. కొత్త వెలుతురు ఎలా పనిచేస్తుంది, నేలమాళిగలు, పశువుల పెంపకం, చేతి వృత్తులు ఎలా ఉండబోతున్నాయి అని బొమ్మలతో, వీడియోలతో చూపించారు. ఇంకో ముఖ్యమైన సంగతి, బిల్డ్ 41 అప్పటికే కడుపు నిండా ఆడుకోగలిగే గేమ్. 42 రాకపోయినా కొన్నవాడు నష్టపోయేవాడు కాదు.

కాబట్టి నాలుగు నెలల మౌనం చూసినప్పుడు రెండు సంగతులు వెతుకు. ఒకటి, డెవలపర్లు మాట్లాడుతున్నారా, మాట్లాడితే చేతిలో ఉన్న పని చూపిస్తున్నారా. ‘మేం కష్టపడుతున్నాం, త్వరలో మంచి వార్త చెప్తాం’ అన్నది పని చూపించడం కాదు. సగం కట్టిన స్క్రీన్‌షాట్, బగ్ చూపించే వీడియో, ‘ఈ పద్ధతి కుదరలేదు, మార్చి ఇలా చేస్తున్నాం’ అన్న వివరణ, ఇవి పని చూపించడం. వాళ్ళ మాటల్లో ఇబ్బందులు కూడా కనిపిస్తుంటే నాకు నమ్మకం పెరుగుతుంది, ఎందుకంటే పని చేస్తున్నవాళ్ళకే ఇబ్బందులొస్తాయి.

రెండోది బీటా బ్రాంచ్, అంటే అదే గేమ్‌కి పరీక్ష కోసం విడిగా పెట్టే వెర్షన్. చాలా స్టూడియోలు కొత్త పనిని అందరికీ ఒకేసారి ఇవ్వవు. ముందుగా ‘unstable’, ‘experimental’ లాంటి పేరుతో పక్క బ్రాంచ్‌లో పెడతాయి. కొన్నవాళ్ళు లైబ్రరీలో గేమ్ మీద కుడి క్లిక్ చేసి ‘Properties’లో ‘Betas’ దగ్గర దాన్ని ఎంచుకోవచ్చు. కొననివాడికి అది స్టోర్ పేజీలో కనపడదు. ఇక్కడ స్టీమ్‌డీబీ అనే సైటు పనికొస్తుంది. steamdb.info లో గేమ్ పేరు వెతికితే ‘Patches’ అనే పేజీలో అందరికీ విడుదలైన బిల్డ్‌లు తేదీలతో ఉంటాయి. ‘Depots’ పేజీలో బ్రాంచ్‌ల పట్టిక, ఒక్కో బ్రాంచ్ చివరిసారి ఎప్పుడు మారిందో ఉంటుంది. పబ్లిక్ బ్రాంచ్ నాలుగు నెలల కిందటిదై, పక్కన బీటా బ్రాంచ్ పోయిన వారం మారి ఉంటే మీ రూమ్మేట్ తొందరపడ్డాడన్నమాట. అన్ని బ్రాంచ్‌లూ నాలుగు నెలల కిందటే ఆగిపోయి, డెవలపర్ల నుంచి మాట కూడా లేకపోతే అతనన్నదాంట్లో పస ఉంది. ఆ సైటులో ఒక జాగ్రత్త: గేమ్ పేరు పక్కన కనిపించే ‘చివరి మార్పు’ తేదీని నమ్మకు. స్టోర్ పేజీలో బొమ్మ మార్చినా, సేల్ పెట్టినా ఆ తేదీ మారుతుంది. బిల్డ్ తేదీనే చూడు.

ఇక ‘వెరీ పాజిటివ్’ సంగతి. ఆ మాట వెనక ఉన్నది ఎనభై శాతం, ఆపైన వేళ్ళు పైకి లేపారన్న లెక్క మాత్రమే. గేమ్ మూడేళ్ళ నుంచి అమ్ముడుపోతుంటే అందులో మూడేళ్ళ కిందటి పొగడ్తలూ కలిసే ఉంటాయి. అందుకే మొత్తం రివ్యూలు, గత ముప్పై రోజుల రివ్యూలు రెండూ పక్కపక్కన చూడాలి. మొత్తం ‘వెరీ పాజిటివ్’ అయి, ఇటీవలివి ‘మిక్స్‌డ్’ అయితే ఈ మధ్య ఏదో జరిగింది. రివ్యూల పైన ఉండే గ్రాఫ్‌లో ఏ నెలలో పడిందో చూసి, ఆ నెలలు మాత్రమే ఎంచుకుని చదువు. నీ కాగితం మీద రాసిన అప్‌డేట్ తేదీలు ఆ గ్రాఫ్ పక్కన పెట్టుకుంటే కథ దానంతటదే బయటపడుతుంది. పెద్ద అప్‌డేట్ వచ్చిన నెలలోనే పడిపోతే ఆ అప్‌డేట్ ఏదో పాడుచేసింది, బహుశా పాత సేవ్‌లు పనిచేయకుండా పోయుంటాయి. అది సరిదిద్దుకునే జబ్బే. ఏ అప్‌డేటూ లేకుండా నెలనెలా కొంచెం కొంచెం జారుతుంటే, ఎదురుచూసి విసిగిపోయినవాళ్ళు ఎక్కువవుతున్నారని. దానికి మందు డెవలపర్ చేతిలో మాత్రమే ఉంది.

చదివేటప్పుడు ప్రతి రివ్యూ దగ్గరా ఎన్ని గంటలు ఆడాడో చూడు. మొత్తం గంటలతో పాటు, రాసేటప్పటికి ఎన్ని గంటలయ్యాయో కూడా స్టీమ్ చూపిస్తుంది. మూడు గంటలప్పుడు ‘అద్భుతం’ అని రాసి, ఇప్పటికీ మూడు గంటల ఇరవై నిమిషాల దగ్గరే ఉన్నవాడి అద్భుతం ఏపాటిదో ఆలోచించు. ఆరు గంటలప్పుడు రాసి ఇప్పుడు నూట ఎనభై దాటినవాడి మాట బరువైనది.

కాలనీ గేమ్‌లకి ఇది ఇంకా ముఖ్యం. ఇలాంటి గేమ్‌లో మొదటి పది గంటలు దాదాపు ఎప్పుడూ బాగుంటాయి. గది కట్టడం, ఆక్సిజన్ పెట్టడం, మొదటి పంట తీయడం, స్టూడియో ముందు మెరుగుపెట్టేది కూడా ఆ భాగాన్నే. అసలు అసంపూర్ణత బయటపడేది నలభయ్యో గంటలో, కాలనీలో మనుషులు వంద దాటాక. కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది, చేయడానికి కొత్త పని ఉండదు, టెక్ ట్రీలో సగం కొమ్మలు ‘త్వరలో’ అని బూడిదరంగులో ఉంటాయి. సేల్ పెట్టినప్పుడల్లా కొత్తవాళ్ళు వచ్చి ఐదు గంటలు ఆడి సంతోషంగా వేలు పైకెత్తుతారు. రెండు వందల గంటలు ఆడిన పాతవాడు వేలు కిందకి దించుతాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కానీ మొదటివాళ్ళే ఎక్కువమంది కాబట్టి శాతం పైనే ఉంటుంది. స్టీమ్‌లో ఆడిన గంటలని బట్టి రివ్యూలు వడకట్టే సదుపాయం ఉంది. కనీసం యాభై గంటలు అని పెట్టి, గత మూడు నాలుగు నెలల్లో రాసినవి ఒక ఇరవై చదువు. మెచ్చుకున్నవాటి కన్నా తిట్టినవి ముందు చదువు. ‘డెడ్ గేమ్’ అని రెండు ముక్కలు రాసినవి వదిలెయ్. ‘రెండో గ్రహం చేరాక చేయడానికేం లేదు’, ‘నలభై మంది కాలనిస్టులు దాటాక పదిహేను ఫ్రేములే వస్తున్నాయి’ అని ఎక్కడ ఆగిపోయిందో చెప్పినవి రాసుకో. నలుగురైదుగురు ఒకే చోటు చెప్తే, నువ్వు కొనే గేమ్ అక్కడిదాకానే ఉందని అర్థం. అక్కడిదాకా ఆడటానికి పదకొండు వందలు సరేనా అన్నది నీ ఇష్టం.

మెచ్చుకునే రివ్యూల్లో ‘పొటెన్షియల్ ఉంది’, ‘రోడ్‌మ్యాప్ పూర్తయితే తిరుగుండదు’ అనే మాటలున్నవి లెక్కలోకి తీసుకోకు. వాళ్ళు వేలెత్తింది రాబోయే గేమ్‌కి. వాటిని పక్కన పెట్టాక మిగిలిన పొగడ్త ఎంతో చూస్తే, కొన్ని గేమ్‌ల ‘వెరీ పాజిటివ్’ చాలావరకు కరిగిపోతుంది.

ధర పెరుగుతుందన్న భయం గురించి. ఎర్లీ యాక్సెస్ నుంచి బయటికొచ్చేటప్పుడు రేటు పెంచడం మామూలే, అందులో మోసం లేదు. కానీ రేటు పెరిగిన గేమ్ కూడా మళ్ళీ సేల్‌కి వస్తుంది, స్టీమ్‌లో పెద్ద సేల్స్ ఏడాదికి నాలుగైనా ఉంటాయి. ఆగడం వల్ల నీకు పోయేది మహా అయితే మూడు నాలుగు వందలు. ఆగకపోతే పోయేది పదకొండు వందలూ కావచ్చు. ఇంకో సంగతి, 1.0 అన్న ముద్ర పడితే పూర్తయినట్టే అని కూడా అనుకోకు. డబుల్ ఫైన్ అని పేరున్న స్టూడియో, స్పేస్‌బేస్ డీఎఫ్-9 అనే గేమ్ 2013 అక్టోబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో పెట్టింది. అదీ అంతరిక్షంలో స్థావరం కట్టే గేమే. ఏడాది తిరిగేసరికి, అమ్మకాల డబ్బు ఇక ఖర్చులకి సరిపోవడం లేదని చెప్పి, అనుకున్న ఫీచర్లు చాలావరకు వదిలేసి 2014 అక్టోబర్‌లో 1.0 అని విడుదల చేసేసింది. ముద్ర పడింది, గేమ్ మాత్రం పూర్తి కాలేదు. స్టూడియో పేరు చూసి కొన్నవాళ్ళకి ఆ పేరు అక్కరకి రాలేదు. అందుకని 1.0 రోజు కూడా ప్యాచ్ నోట్స్ తెరిచి, పాత రోడ్‌మ్యాప్‌లో ఉన్నవి వచ్చాయా లేదా అని పోల్చుకో.

ఇన్ని చూశాక కూడా కొనాలనిపిస్తే, స్టీమ్‌లోనే కొను. బయటి సైట్లలో చవగ్గా దొరికే కీలు కొంటే స్టీమ్ డబ్బు తిరిగివ్వదు. స్టీమ్‌లో కొంటే పద్నాలుగు రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు, help.steampowered.com లో అడిగితే డబ్బు వెనక్కి వస్తుంది. ఎర్లీ యాక్సెస్ గేమ్‌లకీ ఇదే లెక్క. ‘తర్వాత మల్టీప్లేయర్ ఇస్తామన్నారు, ఇవ్వలేదు’ అని ఏడాది తర్వాత అడిగితే ఆ నిబంధన కింద నీకు హక్కంటూ ఏమీ ఉండదు.

ఆ రెండు గంటలు జాగ్రత్తగా వాడు. గేమ్ తెరిచి మెనూలో వదిలేసి భోజనానికి వెళ్ళినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. ట్యుటోరియల్ యూట్యూబ్‌లో ముందే చూసేసి, గేమ్‌లో నేరుగా కట్టడం మొదలుపెట్టు. మొదటి ఇరవై నిమిషాల్లోనే ఒకసారి సేవ్ చేసి, గేమ్ మూసి, మళ్ళీ తెరిచి లోడ్ చేసి చూడు. సేవ్ దగ్గర తేడా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. నలభయ్యో గంటలో నీ ల్యాప్‌టాప్ తట్టుకుంటుందా అన్నది రెండు గంటల్లో తేలదు. దానికి ఒక ఉపాయం ఉంది. ఈ తరహా గేమ్‌ల అభిమానులు తమ పెద్ద కాలనీల సేవ్ ఫైళ్ళు పంచుకుంటుంటారు. గేమ్ ఒప్పుకుంటే అలాంటిదొకటి దించుకుని లోడ్ చేసి, పది నిమిషాలు కెమెరా తిప్పి చూడు. ఫ్యాన్ హోరెత్తి బొమ్మ ఆగి ఆగి కదిలితే నీ జవాబు నీకు దొరికినట్టే. గంటన్నర దగ్గర ఆపేసి, కొనసాగించాలా వద్దా అని ఆ రాత్రికి తేల్చుకో. ఇంకో పావుగంట అనుకుంటే రెండు గంటలు దాటిపోతాయి.

నీ విషయంలో నేనైతే ఈ రాత్రి స్టీమ్‌డీబీలో బ్రాంచ్ తేదీలు, రేపు యాభై గంటలు దాటినవాళ్ళ రివ్యూలు చూస్తాను. బ్రాంచ్ కదులుతూ, రివ్యూల్లో ఒంటరి ఆట బాగుందని ఉంటే మూడో రోజు కొని రెండు గంటల పరీక్ష పెడతాను. బ్రాంచ్‌లన్నీ ఆగిపోయి, డెవలపర్లు కూడా మౌనంగా ఉంటే విష్‌లిస్ట్‌లో వేసి వదిలేస్తాను. సేల్ వచ్చినా, ఎర్లీ యాక్సెస్ నుంచి బయటికొచ్చినా స్టీమే మెయిల్ పంపుతుంది. ఈలోపు మీ బావతో కలిసి ఆడాలని ఉంటే, మల్టీప్లేయర్ ఇప్పటికే పనిచేస్తున్న కాలనీ గేమ్ వేరేది చూసుకోండి. గేమ్ పేరు, మీ ఇద్దరి ల్యాప్‌టాప్‌ల వివరాలు రాసి పంపితే ఏవి నడుస్తాయో చెప్తాను.